గడువు దాటిన మరునాడే జాబితా నుంచి మాయమైన టీడీఎస్

ప్రశ్న: బెంగళూరు పీణ్యలో మా అన్నయ్యా నేనూ కలిసి అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాం. భాగస్వామ్య సంస్థ, 22 మంది పనివాళ్లు, రెండు డెలివరీ వ్యాన్లు. పన్నుల తేదీలు, రెన్యువల్ తేదీలు అన్నీ గూగుల్ షీట్‌లో వేసి, 'మిగిలిన రోజులు' 0 నుంచి 10 మధ్య ఉన్న వరుసలు రోజూ ఉదయం 7 గంటలకు మెయిల్‌లో వచ్చేలా పెట్టుకున్నాను. అయినా మే నెల అద్దె మీద టీడీఎస్, 6,000 రూపాయలు, కట్టకుండా ఉండిపోయింది. నిన్న, అంటే 2025 జూలై 16న, ఆడిటర్ గారు రిటర్ను కోసం చలానా అడిగితే గానీ తెలియలేదు. రిమైండర్ ఎందుకు పనిచేయలేదు? షీటు ఎలా మార్చుకోవాలి?

సమాధానం:

మీ రిమైండర్ మీరు చెప్పినట్టే పనిచేసిందండీ. గొడవంతా ఆ '0 నుంచి 10' అన్న షరతులోనే ఉంది. మే నెల టీడీఎస్‌కు గడువు జూన్ 7. మే 28 నుంచి ఆ వరుస మీ మెయిల్‌లో రోజూ వచ్చి ఉంటుంది. జూన్ 7న 'మిగిలిన రోజులు 0' అని చివరిసారిగా వచ్చి ఉంటుంది. ఆ రోజు శనివారం. మీరో, లెక్కలు చూసే అబ్బాయో 'సోమవారం కట్టేద్దాం' అనుకుని ఉంటారు. జూన్ 8న ఆ గడిలో సంఖ్య −1 అయింది. −1 మీ షరతుకు బయట ఉంది కాబట్టి వరుస జాబితా నుంచి జారిపోయింది. సోమవారం ఉదయం మెయిల్ తెరిస్తే జీఎస్టీఆర్-1, పీఎఫ్, ఈఎస్ఐ మాత్రమే కనిపించాయి. టీడీఎస్ కనిపించలేదు కాబట్టి ఎవరో కట్టేశారని అందరూ అనుకున్నారు. పీణ్య, బొమ్మసంద్ర యూనిట్లలో 19 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఇదే తప్పును కనీసం ఆరు చోట్ల చూశాను. మొదటిసారి చేసింది నేనే.

షీటు సంగతికి ముందు డబ్బు సంగతి. టీడీఎస్ కోసి ఆలస్యంగా కడితే నెలకు 1.5 శాతం వడ్డీ. అది గడువు తేదీ నుంచి కాదు, కోసిన తేదీ నుంచి మొదలవుతుంది. నెలలో ఒక్క రోజు తగిలినా పూర్తి నెలగా లెక్క. మీరు మే 31న అద్దె ఇస్తూ కోశారనుకుంటే మే, జూన్, జూలై కలిపి మూడు నెలలు, 4.5 శాతం, 270 రూపాయలు. జూలై 31 దాకా ఎప్పుడు కట్టినా 270 రూపాయలే. ఆగస్టు 1న కడితే 360. జూన్ 9న, ఆ సోమవారమే, తెలిసి ఉంటే 180తో పోయేది. మొత్తం చిన్నదే. కానీ ఈ లెక్క ఎలా పెరుగుతుందో గుర్తుపెట్టుకోండి, కాస్త కింద దీనితో మళ్లీ పని ఉంది. ఈ వారంలోనే వడ్డీతో కలిపి కట్టి, చలానా ఆడిటర్ గారికి పంపండి. మొదటి త్రైమాసికం రిటర్నుకు జూలై 31 గడువు. అది కూడా తప్పితే రోజుకు 200 రూపాయల లేటు ఫీజు, ఆ త్రైమాసికంలో కోసిన టీడీఎస్ మొత్తం ఎంతో అంతవరకు పెరుగుతుంది.

ఇక షీటు. చాలామందికి మొదట తట్టే మార్పు, కింది హద్దు 0ని తీసేసి '10 లోపు ఉన్నవన్నీ' అని పెట్టడం. అప్పుడు −2 కూడా వస్తుంది కదా అనుకుంటారు. వస్తుంది. నేనూ అలాగే ఒక ఏడాది నడిపాను. అయితే ఒకే జాబితాలో −2, 2, 6, 6 అని వరుసగా ఉంటే చూసేవారి కన్ను వాటన్నింటినీ ఒకే జాతిగా చదువుతుంది. ఎర్ర రంగు వేస్తే రెండు వారాలు భయపడతారు, మూడో వారానికి ఆ ఎరుపు గోడ రంగులా అయిపోతుంది. అసలు కారణం వేరే ఉంది. రాబోయే వరుస అడిగే ప్రశ్న 'ఇది ఎవరు, ఏ రోజు చేస్తారు?' అని. దాటిన వరుస అడిగేది 'ఈ రోజు ఏం చేస్తే నష్టం ఆగుతుంది? ఇది ఎవరికి తెలియాలి?' అని. మొదటిది లెక్కలు చూసే అబ్బాయి పని, రెండోది మీ పని, మీ అన్నయ్య పని. అందుకే ఇద్దరికీ వెళ్లే కాగితం ఒకటి కాకూడదు. ఒకే మెయిల్‌లో పెట్టినా రెండు భాగాలుగా, దాటినవి పైన, వాటి సంఖ్య మెయిల్ శీర్షికలోనే ఉండాలి.

షీటులో నేను వాడే నిలువు వరుసలు ఇవి. A లో పని పేరు. B లో ఏ కాలానికి, అంటే 'మే 2025' అన్నట్టు. C లో చట్టం చెప్పిన అసలు గడువు, D లో ఇప్పుడు అమల్లో ఉన్న గడువు. మామూలుగా రెండూ ఒకటే, ఎప్పుడు వేరవుతాయో తరువాత చెబుతాను. E లో ఎన్ని రోజుల ముందు గుర్తు చేయాలో. F లో పని పూర్తయినట్టు రుజువు. G లో స్థితి, ఇది చేత్తో రాయరు, షీటే లెక్కిస్తుంది.

```
=IFS(A2="","",F2<>"","done",NOT(ISNUMBER(D2)),"check",D2<TODAY(),"overdue",D2<=TODAY()+E2,"upcoming",TRUE,"later")
```

ఈ సూత్రం పైనుంచి కిందికి ఒక్కో షరతు చూస్తూ, మొదట నిజమైనదాని దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఏ వరుసా రెండు పెట్టెల్లో పడదు, ఏ పెట్టెలోనూ పడకుండా జారిపోదు. మీ పాత షీటులో లోపించింది ఈ రెండో గుణమే. `D2<TODAY()` లో సమానం గుర్తు లేదు, గమనించండి. ఈ రోజే గడువైతే అది దాటినట్టు కాదు, ఈ రోజంతా సమయం ఉంది. అది రాబోయేవాటిలో అన్నింటికన్నా పైన ఉండాలి. ఇంకో మాట. E ఖాళీగా వదిలితే షీటు దాన్ని 0 అనుకుంటుంది, ఆ పని గడువు రోజు ఉదయం దాకా కనిపించదు. అందుకే అన్ని వరుసలకూ E నింపండి.

ఈ వరుసలున్న ట్యాబ్ పేరు `Due` అనుకుంటే, దాటినవాటిని వేరే ట్యాబ్‌లోకి తీయడానికి ఇది చాలు, రాబోయేవాటి కోసం `overdue` మాటను `upcoming`గా మార్చి ఇంకొకటి:

```
=IFNA(SORT(FILTER(Due!A2:F,Due!G2:G="overdue"),4,TRUE),"0")
```

ఇక్కడ `IFNA` బదులు `IFERROR` వాడకండి. దాటినవి ఏవీ లేనప్పుడు `FILTER` ఇచ్చేది `#N/A`. ట్యాబ్ ఎవరైనా తీసేసినా, సూత్రం చెడినా వచ్చే తప్పులు వేరు. `IFERROR` వాటన్నింటినీ కప్పేసి '0' చూపిస్తుంది. సూత్రం విరిగిపోయిన రోజున 'దాటినవి ఏమీ లేవు' అని చదువుకుని నిశ్చింతగా ఉంటారు.

B నిలువు వరుస ఎందుకంటే, నెలనెలా వచ్చే పనికి ఒకే వరుస పెట్టి, పని కాగానే తేదీని వచ్చే నెలకు జరపడం చాలామందికి అలవాటు. జూన్ 7ను జూలై 7 చేస్తారు. పని కాకుండానే జరిపినా ఎవరికీ తెలియదు, జూన్ 7 ఆనవాలు కూడా మిగలదు. ఏప్రిల్ మొదట్లో కూర్చుని ఏడాది మొత్తానికి విడివిడి వరుసలు వేసేయండి. టీడీఎస్, జీఎస్టీఆర్-1, జీఎస్టీఆర్-3బీ, పీఎఫ్, ఈఎస్ఐ, కర్ణాటక వృత్తి పన్ను, ఇవి ఆరు, పన్నెండేసి చొప్పున 72. టీడీఎస్ రిటర్నులు నాలుగు. మొత్తం 76. వాటికి వ్యాన్ల బీమా, లైసెన్సులు, డిజిటల్ సంతకం లాంటి రెన్యువల్స్ ఒక పది. అంతా కలిపి 86 వరుసలు, ఒక పూట పని. తేదీలను లాగి నింపేటప్పుడు మాత్రం మార్చి నెల టీడీఎస్ దగ్గర ఆగండి. దాని గడువు ఏప్రిల్ 7 కాదు, ఏప్రిల్ 30. 7 అని పడితే ఏప్రిల్ 8న అబద్ధపు హెచ్చరిక వస్తుంది. అబద్ధపు హెచ్చరికలు రెండు వచ్చాయంటే మూడోసారి నిజమైనదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

F గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. అక్కడ టిక్కు పెట్టే గడి పెట్టకండి. కొన్నేళ్ల క్రితం నేను లెక్కలు చూసే ఒక యూనిట్‌లో సహాయకుడు 20వ తేదీ మధ్యాహ్నం 3బీ వరుసలో టిక్కు పెట్టాడు. 26న నేను పోర్టల్ తెరిస్తే రిటర్ను దాఖలు కాలేదు. అడిగితే 'చలానా కట్టేశాను కదండీ' అన్నాడు. కట్టిన మాట నిజమే. డబ్బు బ్యాంకు నుంచి వెళ్లి పోర్టల్‌లోని నగదు లెడ్జర్‌లో కూర్చుంది. కానీ 3బీ దాఖలు చేసి, ఆ లెడ్జర్ నుంచి పన్ను సర్దుబాటు చేస్తేనే రిటర్ను పూర్తయినట్టు. అప్పటికి ఆరు రోజులు, రోజుకు 50 చొప్పున 300 రూపాయల లేటు ఫీజు. అబ్బాయి అబద్ధం చెప్పలేదు, నా షీటు అడిగిన ప్రశ్నే తప్పు. 'అయిందా?' అని అడిగాను, అయింది అన్నాడు. ఆ రోజు నుంచి F లో 3బీకి ఏఆర్ఎన్, అంటే దాఖలయ్యాక పోర్టల్ ఇచ్చే రసీదు సంఖ్య రాయాలి, టీడీఎస్‌కు చలానా వరుస సంఖ్య, బీమాకు కొత్త పాలసీ సంఖ్య. రిటర్ను దాఖలు కాకుండా ఏఆర్ఎన్ రాదు కాబట్టి ఊహించి రాయడం కుదరదు.

దాటినవాటి భాగంలో 'ఎన్ని రోజులు దాటింది' అన్న ఒక్క సంఖ్య చాలదు. ఏ పని ఎలా పెరుగుతోందో తెలియకపోతే, మూడు దాటినవి ఒకేసారి ఎదురైనప్పుడు దేన్ని ముందు పట్టుకోవాలో తెలియదు. పైన చెప్పిన టీడీఎస్ వడ్డీ మెట్లుమెట్లుగా పెరుగుతుంది. నెల మధ్యలో నాలుగు రోజులు అటూ ఇటూ అయినా పైసా తేడా ఉండదు, 1వ తేదీ రాగానే ఒక మెట్టు ఎక్కుతుంది. 3బీ లేటు ఫీజు రోజూ పెరుగుతుంది, కట్టాల్సిన పన్ను ఉంటే రోజుకు 50, లేకపోతే 20, టర్నోవరును బట్టి ఒక గరిష్ఠ పరిమితి దాకా. టీడీఎస్ రిటర్ను రోజుకు 200, కాబట్టి మూడింటిలో వేగం దానిదే. నెల 28న ఈ మూడూ ఒకేసారి దాటి ఉంటే ముందు రిటర్ను, తరువాత 3బీ, ఆ తరువాత టీడీఎస్ చలానా. చలానాకు నెలాఖరు దాకా సమయం ఉంది, కాని ఆ రిటర్నులో చూపాల్సిన చలానాయే అయితే వరుస తిరగబడుతుంది, ముందు అదే కట్టాలి.

3బీతో ఇంకో చిక్కు ఉంది. ఈ నెల 3బీ దాఖలు కాకపోతే వచ్చే నెల జీఎస్టీఆర్-1 దాఖలు చేయనివ్వదు. వరుసగా రెండు నెలల 3బీ మిగిలిపోతే ఈ-వే బిల్లు తయారు చేయడం ఆగిపోతుంది. మీలాంటి తయారీ యూనిట్‌కు అంటే బండిలో పెట్టెలు ఎక్కించి గేటు దగ్గర నిలబెట్టుకోవడమే. అప్పుడు లేటు ఫీజు గురించి ఎవరూ ఆలోచించరు.

బీమా సంగతి పూర్తిగా వేరు. వ్యాను బీమా గడువు దాటితే రోజువారీ జరిమానా ఏదీ పెరగదు. అందుకే షీటులో అది అమాయకంగా కనిపిస్తుంది. కానీ పాలసీ ముగిసిన అర్ధరాత్రి నుంచి ఆ బండికి రక్షణ లేదు, థర్డ్ పార్టీ బీమా కూడా లేనట్టే. మరునాడు ఉదయం ఆ బండి తుమకూరు రోడ్డులో ఎవరినైనా తగిలితే నష్టపరిహారం మొత్తం మీ సంస్థ మీద పడుతుంది. దాటినవాటిలో బీమా వరుస వస్తే దాని పక్కన రూపాయలు కాదు, 'బండి బయటకు తీయవద్దు' అని రాసి ఉండాలి. ఆ సంగతి డ్రైవరుకూ తెలియాలి. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది, అది తరువాతి బాధ.

అందుకని H అని ఒక నిలువు వరుస చేర్చి, ఒక్కో పనికి దాటితే ఏమవుతుందో ఒక ముక్కలో రాసిపెట్టాను. 'రోజుకు 200', '1వ తేదీకి ఇంకో 1.5 శాతం', 'బండి ఆపాలి'. ఏడాదికి ఒకసారి రాస్తే చాలు, పై రెండో సూత్రంలో `A2:F`ను `A2:H` చేస్తే దాటిన రోజున తానుగా మెయిల్‌లో పడుతుంది. ఆస్తి పన్ను దగ్గర మాత్రం జాగ్రత్త. బెంగళూరులో ఏప్రిల్‌లో ముందుగా కడితే 5 శాతం రాయితీ ఉంటుంది. ఆ తేదీ పోవడం అంటే రాయితీ పోవడమే, బాకీ పడటం కాదు. దాన్ని గడువు కింద వేస్తే దాటినవాటి భాగంలో లేనిపోని గోల. రాయితీ తేదీకి వేరే వరుస వేసి, తేదీ వెళ్లిపోతే F లో 'రాయితీ పోయింది' అని రాసి మూసేయండి.

ఇప్పుడు తేదీల దగ్గరికి. వేరొకరి షీటు కాపీ చేసుకున్నప్పుడు వారి అమరికలు కూడా వచ్చేస్తాయి. `File > Settings` లో `Locale` అమెరికాగా ఉంటే, మీరు 07/06/2025 అని కొట్టినప్పుడు షీటు దాన్ని జూలై 6 అనుకుంటుంది. మే నెల టీడీఎస్ జూలై 6 వెళ్లేదాకా దాటినట్టు కనిపించదు. 20/06/2025 అని కొడితే 20వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోదు, మామూలు రాతగా వదిలేస్తుంది. రాతను, తేదీని పోల్చినప్పుడు రాతే పెద్దదని షీటు లెక్క. అంటే ఆ వరుస ఎప్పటికీ 'దాటదు', 'రాబోదు' కూడా. మీ పాత షీటులో అయితే ఏ జాబితాలోనూ కనిపించదు. పై సూత్రంలో 'check' అన్న పెట్టె పెట్టింది ఇలాంటివాటి కోసమే. కానీ నెల, రోజు తారుమారైన తేదీలు 'check'లో పడవు, అవి చూడటానికి సరైన తేదీలే. వాటిని పట్టుకునే ఉపాయం, C, D గళ్ల రూపాన్ని మార్చి నెల పేరు అక్షరాల్లో కనిపించేలా పెట్టడం. 'జీఎస్టీఆర్-1' పక్కన 'నవంబర్ 6' అని కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, 11/06 అని ఉంటే రాదు. గళ్లలో అంకెలు కుడి అంచుకు, రాతలు ఎడమ అంచుకు ఆనుకుంటాయి కాబట్టి, ఒక తేదీ ఎడమ వైపు నిలబడి ఉంటే అది తేదీ కాదని తెలిసిపోతుంది.

అదే చోట `Time zone` కూడా చూడండి. అమెరికా పశ్చిమ తీరం సమయం ఉంటే మన ఉదయం 7 గంటలకు అక్కడ ఇంకా నిన్నటి సాయంత్రమే. `TODAY()` నిన్నటి తేదీ ఇస్తుంది. దాటిన పని ఒక రోజు ఆలస్యంగా దాటినట్టు కనిపిస్తుంది, ఈ రోజే గడువు ఉన్నది 'రేపు' అని వస్తుంది. నాకు తెలిసి ఈ ఒక్క రోజు తేడాతోనే పీఎఫ్ తప్పినవారు ఉన్నారు. గడువు ఆదివారం పడితే సోమవారానికి జరపకండి, శుక్రవారమే చేయాలని E ను పెంచుకోండి.

C, D రెండూ ఎందుకన్నదానికి ఈ మధ్యే మంచి ఉదాహరణ వచ్చింది. ఆడిట్ అవసరం లేనివారి ఆదాయ పన్ను రిటర్నుల గడువును 2025లో జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కు పొడిగించారు. పొడిగింపు వచ్చినప్పుడు D మాత్రమే మార్చండి, C ని ముట్టుకోకండి. అప్పుడు ఏవేవి పొడిగింపు మీద నడుస్తున్నాయో, C, D తేడా ఉన్న వరుసలు వెతికితే కనిపిస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన పొడిగింపు వార్త చూసి D మార్చవద్దు. ప్రకటన చూసి, దాని తేదీ పక్కన రాసి మార్చాలి. ఒక రాష్ట్రానికో, ఒక రిటర్నుకో ఇచ్చిన పొడిగింపును అన్నింటికీ అనుకుని దాటినవాటిని మళ్లీ రాబోయేవాటిలోకి నెట్టేసిన వాళ్లను చూశాను.

ఇదంతా పెట్టి ఉంటే జూన్ 9 ఉదయం లెక్కలు చూసే అబ్బాయికి వచ్చే మెయిల్ ఇలా ఉండేది. శీర్షిక: 'దాటినవి 1, రాబోయేవి 4, సరిచూడాల్సినవి 0'. లోపల మొదటి భాగంలో ఒకే ఒక్క వరుస: 'అద్దె టీడీఎస్, మే 2025, గడువు జూన్ 7, 2 రోజులు దాటింది, జూలై 1కి ఇంకో 1.5 శాతం'. కింద రెండో భాగంలో జీఎస్టీఆర్-1 జూన్ 11కి, పీఎఫ్, ఈఎస్ఐ జూన్ 15కి, ఒక వ్యాను బీమా జూన్ 24కి. వృత్తి పన్ను, 3బీ 20న ఉన్నా ఇంకా రావు, వాటి E లో 7, 8 రోజులు వేసుకుంటాం కాబట్టి. బీమా మాత్రం పదిహేను రోజుల ముందే కనిపిస్తోంది, ఎందుకంటే దాని E 20. రెండు మూడు చోట్ల ధర కనుక్కోవాలి, మీ అన్నయ్య సరే అనాలి. E ఎంత ఉండాలన్నది పనికి పట్టే సమయాన్ని బట్టి వేయాలి. అన్నింటికీ 30 వేస్తే నెలనెలా వచ్చే ఆరు పనులూ ఇంచుమించు ఎప్పుడూ రాబోయేవాటి భాగంలోనే ఉంటాయి, ఎవరూ చదవరు.

ఆ మెయిల్ చివరి పంక్తిలో కూడిక ఉండాలి: 'పూర్తయినవి 16, దాటినవి 1, రాబోయేవి 4, తరువాతివి 65, సరిచూడాల్సినవి 0, మొత్తం 86'. ఈ మొత్తం నిన్న 86 ఉండి ఇవాళ 85 అయితే ఎవరో ఒక వరుస తీసేశారన్న మాట. లెక్కలు చూసేవారికి ఇది బ్యాంకు సరిపోల్చుకోవడం లాంటిదే. దాటినవి 0 ఉన్న రోజు కూడా మెయిల్ పంపండి. ఏమీ లేనప్పుడు మెయిల్ రాకూడదని పెట్టుకుంటే, మెయిల్ పంపే స్క్రిప్టు అనుమతి పోయి ఆగిపోయినా మీకు తెలియదు. రెండు భాగాలూ లెక్కలు చూసే అబ్బాయికి వెళ్లాలి. దాటినది ఒక్కటి ఉన్నా మీకూ, మీ అన్నయ్యకూ వేరే మెయిల్, అందులో దాటిన భాగం ఒక్కటే. రాబోయేవి మీకు రోజూ పంపకండి, మీరు వాటిని తెరవడం మానేస్తారు, అప్పుడు దాటినది కూడా తెరవరు.

చివరగా, కొన్ని వరుసలు దాటినవాటిలో నెలల తరబడి కూర్చుంటాయి. మూసేసిన పాత గోదాము లైసెన్సు, కార్యాలయంతో వివాదంలో ఉన్న ఒక పన్ను నోటీసు లాంటివి. రోజూ 'దాటినవి 2' చూసి చూసి, మూడోది వచ్చినప్పుడు కంటికి ఆనదు. వాటిని తీసేయకండి. F లో కారణం, ఎవరు నిర్ణయించారో రాసి మూయండి. వివాదంలో ఉన్నదైతే 'వాయిదా' అని కొత్త వరుస వేసి, దాని D లో మళ్లీ చూడాల్సిన తేదీ పెట్టండి. అప్పుడు అది రాబోయేవాటిలో తన రోజున తిరిగి వస్తుంది, దాటినవాటి భాగం నిజంగా దాటినవాటికే మిగులుతుంది.